మొన తిరిగిన ఇస్పేటు

ఆ వేసవిలో ఖుబానీలు విరగకాశాయి. కొమ్మలకు ఊతకర్రలు పెట్టినా ఆగలేదు, పళ్లతో సహా విరిగి పడ్డాయి. సరస్సు దక్షిణపు ఒడ్డున మా వీధి వీధంతా ఇంటి కప్పుల మీదే కాపురం పెట్టింది. ఆడవాళ్లం పళ్లు చీల్చి, గింజ తీసి, చాపల మీద బోర్లా పరచడం, ఎండ తిరిగినప్పుడల్లా చాప తిప్పడం, ఈగల్ని తోలడం. చేతుల జిగట ఎంత కడిగినా వదిలేది కాదు. అలా ఊపిరాడని రోజుల్లో కుబాత్, మేరిమ్ ఇద్దరూ కలిసి పేక వేయించి జోస్యం చెప్పించుకోవడానికి మా ఇంటికి వచ్చారు.

పేక చూసేది మా అత్తగారు, మగ్ఫురా. ఆమె తాతారు జాతి మనిషి. మావాళ్లు కిర్గిజులు. రినాత్‌ని చేసుకుని నేను ఆ ఇంట అడుగుపెట్టే నాటికే ఆమె ఆ వీధికి అవ్వ. ఆవు తప్పిపోయినా, మొగుడు ఇంటికి ఆలస్యంగా వస్తున్నా, కొడుకు పరీక్ష తప్పుతాడేమోనని దిగులు పట్టుకున్నా మా వంటింటి బల్ల దగ్గరికే వచ్చేవారు. వెళ్లేటప్పుడు ఎవరూ కృతజ్ఞతలు చెప్పకూడదు. చెబితే చూసిందంతా వట్టిపోతుందట. ఒక గుప్పెడు టీ ఆకో, నాలుగు చక్కెర బిళ్లలో బల్ల మీద పెట్టి మాట్లాడకుండా లేవాలి.

ఆమె పేకలో ఆరు నుంచి ఆసు దాకా ముప్పై ఆరు ముక్కలే ఉండేవి. ఆ కట్టతో ఎవరూ ఆట ఆడకూడదు. ఆడిన పేక అబద్ధాలాడుతుందనేది. కొత్త కట్ట కొన్నప్పుడు పెళ్లికాని పిల్లను దాని మీద కాసేపు కూర్చోబెట్టేది. అప్పుడు వాడుతున్న కట్ట మీద కూర్చున్నది పక్కింటి సబీరా కూతురు మేరిమే. "అవ్వా, గుడ్డు పొదుగుతున్నానా?" అని ఒకటే నవ్వింది.

ఆ చలికాలమంతా మేరిమ్ ఒక్కతే వచ్చేది. సైన్యంలో ఉన్న ఎవరో అబ్బాయి ఉత్తరాలు రాస్తున్నాడట. పేరు మాత్రం చెప్పేది కాదు. "పేరు పేక చెప్పాలిగానీ నేను చెప్తే ఇక నువ్వెందుకు?" అని వేళాకోళమాడేది. పెళ్లికాని పిల్ల కాబట్టి ఆమెకు డైమను రాణి, పెళ్లికాని కుర్రాడు కాబట్టి అతనికి డైమను రాజు పెట్టేది మా అత్తగారు. వాటి పక్కన ఆఠీను తొమ్మిది పడితే, "నిన్నే తలుచుకుంటున్నాడే. గట్టిగా పట్టుకో, వదలకు," అని తనే ఉత్సాహపరిచేది. నేను పొయ్యి దగ్గర నిలబడి నవ్వుకునేదాన్ని.

ఆ కుర్రాడు సైన్యం నుంచి తిరిగొచ్చి, ఆరోజు మేరిమ్ వెనకాలే తలవంచి మా వంటింట్లోకి వచ్చాడు. కుబాత్. కాలవ అవతలి ఇంటివాడు, తల్లి లేని పిల్లాడు. నా మొగుడి లారీ మీద పళ్ల పెట్టెలు ఎక్కించే పనికి అప్పుడే కుదిరాడు.

"ఇతనేనా?" అంది అత్తగారు.

"ఇతనే అవ్వా. ఏం, బాలేడా?" అంది మేరిమ్.

"బానే ఉన్నాడు," అంది. అని, చాలాసేపు పేక కలుపుతూనే ఉండిపోయింది.

"అవ్వా, ముక్కల మీద బొమ్మలు అరిగిపోతాయి," అన్నాడు కుబాత్. "మాదేం పెద్ద ప్రశ్న కాదు. కోతలయ్యాక పెళ్లి పెట్టుకుందామనుకుంటున్నాం. వాళ్లమ్మ ఒప్పుకుంటుందో లేదో చూడు చాలు."

వాళ్లమ్మ ఒప్పుకోవడమే కష్టమని వీధికంతా తెలుసు. కాలవ నీటి వంతు దగ్గర ఆ రెండిళ్ల మగవాళ్లు పారలతో తలలు పగలగొట్టుకున్నారు, నేను కాపురానికి రాకముందే. మాటలు తర్వాత కలిశాయిగానీ మనసులు కలవలేదు.

అత్తగారు రాజునూ రాణినీ పక్కపక్కన పెట్టింది. మేరిమ్ చేత ఎడమచేత్తో, గుండెవైపుకు, పేక కోయించింది. పైముక్క తీసి ఆ ఇద్దరి మీదా నిలువుగా బోర్లించింది. అది గుండె ముక్క. అన్నీ చదివాక చివర్లో విప్పేది. మనసు చివరికి ఎలా కుదుటపడుతుందో అదే చెప్తుంది. తర్వాత తలపైన మూడు, ఎడమన మూడు, పాదాల కింద మూడు, కుడిన మూడు ముక్కలు వేసింది.

తలపైన ఉన్నవి మనసులోని మాటలు. ఆఠీను తొమ్మిది, ఆఠీను ఏడు పడ్డాయి. ప్రేమ, కలుసుకోవడం. వాటి పక్కనే కళావరు జాకీ, అంటే పనుల హడావుడి. ఎడమన జరిగిపోయినవి: కళావరు ఆరు పని మీద ప్రయాణం, కళావరు ఆసు సర్కారు ఇల్లు, డైమను ఆసు ఉత్తరం.

"సైన్యమూ, ఉత్తరాలూ! చూశావా కుబాత్?" అని మేరిమ్ అతని భుజం మీద గుద్దింది.

పాదాల కింద ఉన్నవి తొక్కేసినవి. అక్కడి మూడింటిలో ఇస్పేటు ఏడు పడింది, పాత తగవు. కుడిన రాబోయేవి. డైమను ఆరు సంతోషంగా సాగే దారి, ఆఠీను పది నిండు పెళ్లి, చివర మాత్రం ఇస్పేటు తొమ్మిది. అది జబ్బో నష్టమో. అయినా ఆఠీను పది పక్కన పడితే దాని కోరలు పీకినట్టేనని అత్తగారే నాకు ఎన్నోసార్లు చెప్పింది.

అక్కడిదాకా చదివి ఆగిపోయింది. గుండె ముక్క అంచు పట్టుకుని కాస్త ఎత్తి చూసుకుంది. మళ్లీ బోర్లించింది.

నేను ఆమె మోచేతి పక్కనే పీట మీద కూర్చుని గింజలు ఏరుతున్నాను. నాకూ కనపడింది. ఇస్పేటు ఆసు, మొన పైకి. మొన పైకుంటే అది వట్టి కచేరీ పని. పేర్లు రాయించుకోవడం, ముద్ర వేయించుకోవడం. పెళ్లి అడిగినవాళ్లకు అంతకంటే మంచి ముక్క ఏముంటుంది? అదే మొన కిందికుంటే దెబ్బ. తొమ్మిదితో కలిసి, రాజు పక్కన పడితే ప్రాణం మీదికి.

"ఏమైంది అవ్వా?" అంది మేరిమ్.

మా అత్తగారు ముక్క ఎప్పుడూ పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకే తిప్పుతుంది. అలా తిప్పితే పైది పైనే ఉంటుంది. అది ఆమె నియమం. ఆరోజు కింది అంచు పట్టుకుని పైకి ఎగరేసినట్టు తిప్పింది. ఆసు మొన కిందికి పడింది.

"పెళ్లి వద్దు," అంది. "ఈ పిల్లను కట్టుకుంటే వీడు బతకడు."

కుబాత్ నవ్వేశాడు. "సైన్యంలోనే చావలేదు, పేకముక్క చంపుతుందా?" అన్నాడు. మేరిమ్ నవ్వలేదు. ఆమె ముక్కను చూస్తోంది. పొదిగిన పిల్ల కదా, పేక ఆమెకూ కొంత తెలుసు. తెచ్చిన టీ పొట్లం బల్ల మీద పెట్టి లేచింది. చేయి తగిలి పొట్లం పడిపోయింది. ఇద్దరం వంగి ఏరుతుంటే ఆమె వేళ్లు మంచులా ఉన్నాయి.

వాళ్లు వెళ్లగానే అడిగాను. "అత్తమ్మా, ఎందుకలా తిప్పారు?"

"ఏది?"

"నేను చూశాను."

ఆమె పేక సర్ది గుడ్డలో చుట్టింది. అప్పుడు చెప్పింది.

మేరిమ్ పుట్టిన చలికాలం సబీరా జ్వరంతో జిల్లా ఆసుపత్రిలో పడిందట. పసిగుడ్డును మా అత్తగారికి అప్పగించారు. సీసా పాలు పట్టదు, ఏడ్చి ఏడ్చి గొంతు కూడా పోయింది. మంచుకు దారి మూసుకుపోయింది. వీధి మొత్తంలో చంటిపిల్లాడికి పాలిస్తున్నది ఒక్క ఉల్కానే, కుబాత్ తల్లి. అప్పటికి నీళ్ల తగవు పచ్చిగా ఉంది. అయినా మా అత్తగారు పిల్లను కోటు లోపల దాచుకుని కాలవ దాటింది.

"ఉల్కాన్ ఒక్క మాట అడగలేదమ్మాయ్. కుడివైపు కుబాత్‌ని పెట్టుకుని, ఎడమవైపు దీన్ని పెట్టుకుంది. 'మగాళ్లు నీళ్ల కోసం కొట్టుకుంటున్నారు, మనం పాలు పంచుకుంటున్నాం' అని నవ్వింది. సబీరా ఇంటికి వచ్చేదాకా రోజూ తీసుకెళ్లాను. సబీరాకు మాత్రం చెప్పొద్దంది. తెలిస్తే ఆమె మొగుడు ఆ పాలు కక్కించమన్నా అంటాడని భయం."

ఒకే తల్లి పాలు తాగినవాళ్లు అన్నాచెల్లెళ్లు. ఒక్క గుక్క తాగినా అంతే. వాళ్లకు పెళ్లి లేదు. అది మాకు ముల్లా వచ్చి చెప్పక్కర్లేదు, పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఎవరి బిడ్డకు ఎవరు పాలిచ్చినా నలుగురిలో చెప్పుకుంటారు. ఉల్కాన్ తర్వాత కొన్నేళ్లకే పోయింది. అది తెలిసిన మనిషి ఇక మా అత్తగారు ఒక్కతే.

"మరి ఆ మాటే చెప్పాల్సింది కదా! చావు ఎందుకు చెప్పారు?"

"ఏ ముఖం పెట్టుకుని చెప్పను? చలికాలమంతా దాన్ని కూర్చోబెట్టుకుని గట్టిగా పట్టుకో, వదలకు అన్నదాన్ని నేనే. ఇన్నేళ్లూ సబీరా ఇంట్లో టీ తాగుతూ నోరు మెదపనిదాన్నీ నేనే. ఇప్పుడు చెప్తే ఊరు నన్ను ఉమ్మేయదా? పేక మీద వేస్తే నెమ్మదిగా విడిపోతారు. పెళ్లి మాత్రం జరగకూడదు కదా. జరగదు. అంతే."

కప్పు మీద చాపలు తిప్పాల్సిన వేళ అయింది. వెళ్లి తిప్పాను. ఆమెది ఆమె పాపం, నాకెందుకనుకున్నాను. అంత తేలిగ్గా ఎలా అనుకోగలిగానో ఇప్పటికీ అర్థం కాదు.

నెమ్మదిగా విడిపోలేదు వాళ్లు. మేరిమ్ ఒక్క వేటుతో తెంచేసింది. నీళ్ల దగ్గర, పదిమందిలో, "సైన్యం నుంచి వచ్చినవాడివి ఇంకాస్త తెలివిగా ఉంటావనుకున్నాను. పెట్టెలు మోసేవాడు నాకొద్దు," అందట. కుబాత్ చేతిలో బిందె అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడట. పట్నంలో మంచి సంబంధం కుదిరిందేమోనని వీధి చెవులు కొరుక్కుంది.

తర్వాత వాళ్ల కప్పు మీద ఆమెను చూసేదాన్ని. చీల్చిన పండు చేతిలోనే ఉండిపోయేది. రోడ్డు మీద లారీ చప్పుడు వినబడితే లేచి నిలబడి, ఏ లారీనో చూసి, కూర్చునేది. కుబాత్‌కి దగ్గొచ్చినా ఆమెకు ఎలా తెలిసేదో గానీ తెలిసేది. ఒకరోజు గోడ దాటి మా కప్పు మీదికి వచ్చింది. చిక్కి సగమైంది.

"అవ్వా, నేను వదిలేశాను కదా. ఇక అతనికేం కాదు కదా? ఇంకోసారి వేసి చూడవా?"

"ఒకే ప్రశ్నకు రెండుసార్లు వేయకూడదమ్మా," అంది అత్తగారు తలెత్తకుండా. ఆ నియమం మాత్రం నిజమే.

"నేను ఇంకెవర్నైనా చేసుకుంటే దెబ్బ తప్పుతుందా? చెప్పు, చేసుకుంటాను. ఎవర్నైనా సరే."

అత్తగారు పండు చీల్చబోయి వేలు చీల్చుకుంది. నేను గుడ్డ తెచ్చి కట్టాను. కడుతూ ఆమె కళ్లలోకి చూశాను. ఆమె చూపు తిప్పుకుంది. మేరిమ్ మా ఇద్దర్నీ చూసి, ఇంతకంటే చెడ్డదేదో దాస్తున్నారనుకున్నట్టుంది, గోడ దాటి వెళ్లిపోయింది.

"ఇవాళైనా చెప్పండి," అన్నాను.

"చెప్తాను. ఈ పళ్లు ఒడ్డెక్కనీ."

పళ్లు ఒడ్డెక్కకముందే ఆ కబురొచ్చింది. కనుమలో ఖుబానీల లారీ ఒకటి లోయలో పడిందని, ఇద్దరు పోయారని మధ్యాహ్నం బస్సు డ్రైవరు చెప్పాడు. ఎవరిదో తెలియదు. రినాత్, కుబాత్ ముందురోజు పొద్దున రాజధానికి సరుకు తీసుకెళ్లారు, తిరిగి రావాల్సిన రోజు అదే.

నేను ఎలా వీధిలోకి వచ్చానో గుర్తు లేదు. వచ్చేసరికి మా అత్తగారు రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఉంది, తలగుడ్డ జారిపోయింది. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి అడుగుతోందో, 'నన్ను శిక్షించు, వాణ్ణి కాదు' అంటోందో. తను నోటితో పిలిచిన చావు తన కొడుకు లారీ ఎక్కిందన్న మాట నాకూ తట్టింది. ఆ క్షణంలో ఆమె మీద నాకు జాలి కలగలేదు.

మేరిమ్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. వచ్చి ఆమె మోకాళ్ల దగ్గర పడిపోయింది.

"నా వల్లే అవ్వా! వదిలేశాననుకున్నాను, మనసులో వదల్లేదు. రోజూ తలుచుకున్నాను. అందుకే తగిలింది. నేనే చంపాను!"

"కాదు," అంది అత్తగారు.

"పేకలో ఉంది కదా!"

"పేకలో లేదే. మొన పైకే ఉంది. నేను తిప్పాను. ఇది చూసింది, అడుగు." నావైపు చేయి చూపించింది. నేను తలూపాను. "పేకలో పెళ్లే ఉంది. కానీ మీకు పెళ్లి కూడదు. వాళ్లమ్మ నీకు పాలిచ్చింది. నేనే ఈ చేతులతో తీసుకెళ్లాను. నా సిగ్గు దాచుకోవడానికి నీ నెత్తిన చావు పెట్టాను."

చుట్టూ ఆడవాళ్లు పోగయ్యారు. మేరిమ్ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

"అయితే అతను చావడా?"

ఆమె అడిగింది అదొక్కటే. పెళ్లి గురించి అడగలేదు. పాల గురించి అడగలేదు.

"ఏమో తల్లీ. నాకు తెలియదు. నాకెప్పుడూ ఏమీ తెలియదు," అంది అత్తగారు.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. పడింది పక్క ఊరివాళ్ల లారీ. రినాత్ కిందికి దిగకముందే నేను అతని చొక్కా పట్టుకుని ఏడ్చాను. అవతలి వైపు నుంచి కుబాత్ దుమ్ము కొట్టుకుంటూ దిగాడు. మేరిమ్ పరుగెత్తింది. చేయి చాస్తే అందేంత దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. చేతులు లేచి ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తెలియనట్టు, మెల్లిగా దించి, పావడాకు తుడుచుకుంది.

"ఏంటి? పెట్టెలు మోసేవాడితో పనేంటి?" అన్నాడు కుబాత్.

మా అత్తగారే వెళ్లి, అక్కడే, లారీ నీడలో, మొదటి నుంచీ చెప్పింది. అతను తిడతాడనుకున్నాను. కొడతాడేమో అని రినాత్ మధ్యలోకి జరిగాడు. కుబాత్ కాలవ దగ్గరికి పోయి మొహం మీద నీళ్లు చల్లుకుని తిరిగొచ్చాడు.

"మా అమ్మ నన్ను ఏ వైపు పెట్టుకుంది?" అనడిగాడు.

"కుడివైపు."

"ఇంకేమంది?"

అత్తగారు ఉల్కాన్ అన్న మాటలన్నీ చెప్పింది. అతను నేల చూస్తూ విన్నాడు. తల్లి మొహం కూడా అతనికి సరిగ్గా గుర్తు లేదని అందరికీ తెలుసు.

సబీరా మాత్రం ఊరుకోలేదు. మా గుమ్మం ముందు నిలబడి వీధంతా వినేలా అంది: "నా బిడ్డను బతికించింది ఎవరో నాకు తెలియనివ్వలేదు. ఆమె పోయినప్పుడు నేను ఏడవను కూడా లేదే! శత్రువు పెళ్లామని కిటికీ మూసుకున్నాను. ఆ ఏడుపు ఎవరికిచ్చుకోను ఇప్పుడు?" ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు. కానీ కుబాత్‌కి కబురు పెట్టి, రొట్టె చేతిలో పెట్టి, ఇక నుంచి నువ్వు ఈ ఇంటి కొడుకువంది. అతను వెళ్లి, బల్ల దగ్గర కూర్చుని, తినలేక తిన్నాడట.

మా ఇంట్లో పేక ఆగిపోయింది. ఊరు ఉమ్మేస్తుందని మా అత్తగారు భయపడింది గానీ ఊరు ఉమ్మలేదు. నాలుగు రోజులు గుసగుసలాడి, మళ్లీ టీ పొట్లాలతో తలుపు తట్టింది. "మొన ఎటు తిరిగితే ఏంటి అవ్వా, మా ఆవు ఎటు పోయిందో చెప్పు," అనేవాళ్లు. ఆమె తలుపు తీసేది కాదు. నాతో కూడా అవసరమైనంతే మాట్లాడేది. నేనూ అంతే. ఇద్దరం ఒకే కప్పు మీద పళ్లు తిప్పుకుంటూ, ఒకరి నీడ ఒకరు తొక్కకుండా తిరిగేవాళ్లం. నేను చూసి కూడా ఊరుకున్నానని ఆమెకు తెలుసు, ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు.

ఆకులు రాలే వేళకు మేరిమ్ కుట్టుపని నేర్చుకోవడానికి పట్నం బయల్దేరింది. సంచీ కుబాత్ మోశాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు, "అన్నయ్యా, ఆ చిన్నది ఇలా ఇవ్వు," అంది. మాట తడబడలేదు. ఇంట్లో ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో. అతను ఇచ్చి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

మా అత్తగారు గేటు లోపలే ఉండిపోయింది. మేరిమే ఆమె దగ్గరికి వచ్చింది.

"ఒకటి అడుగుతాను అవ్వా. కోపంతో కాదు."

"అడుగు."

"నిజం చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని. ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నిజం తెలిసింది, అన్నయ్య అనడం కూడా వచ్చింది. కానీ అతను కాస్త ఆలస్యమైతే నాకు చెమటలు పడుతున్నాయి. దెబ్బ తగిలిందనే అనిపిస్తోంది. అబద్ధమని తెలిసినా పోవడం లేదు. ఇది ఎప్పుడు పోతుంది?"

వీధిలో ఎవరు ఏమడిగినా బదులు చెప్పిన మనిషి మా అత్తగారు. ఆరోజు మాత్రం గేటు ఊచ పట్టుకుని నిలబడింది.

బస్సు వచ్చి, మేరిమ్ ఎక్కి, అది మలుపు తిరిగిపోయాక కూడా ఆమె ఆ ఊచ వదల్లేదు. చలిగాలి మొదలైంది. "లోపలికి రండి అత్తమ్మా," అన్నాను. ఆ వేసవి తర్వాత ఆమె చేయి పట్టుకోవడం అదే మొదటిసారి. అయినా ఆమె కదల్లేదు.